పచ్చదనం పెరిగితే పిట్టలు పెరుగుతాయా? పన్నెండు పార్కుల్లో తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఒక ఆదివారం లుంబినీ పార్కులో, మరో ఆదివారం కేబీఆర్ పార్కులో కనిపించిన పిట్టలన్నిటి పేర్లూ ఎవరైనా రాసుకొచ్చారనుకుందాం. రెండో జాబితాయే పొడవుగా ఉంటుందని చూడకుండానే చెప్పొచ్చు. ‘చెట్లు ఎక్కువున్న చోట పిట్టలూ ఎక్కువే’ అని తేల్చేయడమూ తేలికే. కానీ ఆ రెండు జాబితాలు ఆ మాటను రుజువు చేయవు. లుంబినీ పార్కు 7.5 ఎకరాలు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కేబీఆర్ 350 ఎకరాలకు పైమాటే. ఒకటి హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉంది, మరొకటి బండరాళ్ల మధ్య తనంతట తాను పెరిగిన పొదల అడవి. ఒకదాన్ని అరగంటలో చుట్టి రావచ్చు, రెండోదానికి గంటలు పడుతుంది. పిట్టల తేడాకు కారణం చెట్లా, స్థలమా, నీళ్లా, నడిచిన సేపా? ఆ జాబితాలను ఎంతసేపు తిరగేసినా జవాబు దొరకదు.

పార్కుల్లో పిట్టల వైవిధ్యాన్ని పోల్చే చిన్న అధ్యయనానికి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పచ్చదనం ఒక్కటే మారాలి, మిగతావన్నీ వీలైనంత ఒకేలా ఉండాలి. పిట్టలను లెక్కపెట్టడం ఆ తర్వాతి మాట. ఇద్దరు ముగ్గురు కాలేజీ విద్యార్థులు, ఒక జత బైనాక్యులర్లు, ఒక చలికాలం ఉంటే చేయగలిగిన అధ్యయనాన్ని ఎలా రూపొందించాలో అంచెలంచెలుగా చూద్దాం.

ఏ పార్కులు, ఎన్ని?

మొదట పేరున్న పార్కులను పక్కన పెట్టాలి. ఇందిరా పార్కు 76 ఎకరాలు, సంజీవయ్య పార్కు 92 ఎకరాలు, పైగా చెరువు పక్కనే ఉంది. వీటిని రెండెకరాల కాలనీ పార్కుతో పోలిస్తే మళ్లీ మొదటి చిక్కే వస్తుంది. విస్తీర్ణం పెరిగేకొద్దీ జాతుల సంఖ్య పెరగడం జీవశాస్త్రంలో బాగా స్థిరపడిన విషయం. కాబట్టి రెండు నుంచి ఐదెకరాల లోపు కాలనీ పార్కులనే తీసుకుందాం. చెరువుకు అర కిలోమీటరు లోపు ఉన్నవాటిని వదిలేద్దాం. లేకపోతే కొంగలూ నీటికాకులూ లెక్కలోకి వచ్చి, చెట్ల ప్రభావం ఏదో నీళ్ల ప్రభావం ఏదో తెలియకుండా పోతుంది.

ఎన్ని పార్కులు కావాలి? మూడింటితో సరిపెడితే ఏమవుతుందో చూడండి. పచ్చదనాన్ని బట్టి మూడింటినీ వరసలో పెట్టాం. పిట్టల జాతులను బట్టి మరో వరస పెట్టాం. మూడు వస్తువులను ఆరు రకాలుగా వరస పెట్టొచ్చు. అంటే పచ్చదనానికీ పిట్టలకూ ఏ సంబంధమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఆ రెండు వరసలూ కలిసిపోయే అవకాశం ఆరింట ఒకటి. పాచిక వేస్తే ఆరు పడ్డంత తేలిగ్గా జరిగే సంగతి అది. దాన్ని నమ్ముకుని ఏ మాటా చెప్పలేం. అదే పన్నెండు పార్కులైతే వరసలు దాదాపు 48 కోట్లు. రెండూ అచ్చంగా కలవకపోయినా, చాలావరకు కలిస్తే చాలు, అది ఊరికే జరిగింది కాదని ధైర్యంగా అనొచ్చు.

ఆ పన్నెండింటినీ ఇలా ఎంచుకోవాలి. చెట్ల గుబురు కప్పిన భాగం 20 శాతం లోపు ఉన్నవి మూడు, 20–40 మధ్య మూడు, 40–60 మధ్య మూడు, 60 దాటినవి మూడు. ప్రతి మెట్టులోనూ ఒకటి రెండెకరాలకు దగ్గరగా, ఒకటి మూడు మూడున్నరకు, ఒకటి ఐదెకరాలకు దగ్గరగా ఉండేలా చూసుకోవాలి. ఈ జాగ్రత్త లేకపోతే పచ్చటి పార్కులన్నీ పెద్దవి, బోడి పార్కులన్నీ చిన్నవి అయిపోవచ్చు. అప్పుడు ఎంత గణితం తెలిసినా వాటిని విడదీయలేం. పార్కు చుట్టూ ఉన్న వీధులనూ గమనించాలి. పాత బంగళాల తోటల మధ్య ఉన్న పార్కుకూ అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న పార్కుకూ తేడా ఉంటుంది. అందుకే చుట్టూ 500 మీటర్లలో ఎంత పచ్చదనం ఉందో కూడా కొలిచి ఒక గడిలో రాసుకోవాలి.

పచ్చదనాన్ని కొలవడం

పచ్చదనం అనగానే ఉపగ్రహ చిత్రాలు గుర్తొస్తాయి. సెంటినెల్-2 ఉపగ్రహం ఇచ్చే చిత్రాలు ఉచితం. మొక్కలు ఎరుపు కాంతిని పీల్చుకుని పరారుణ కాంతిని వెనక్కి పంపుతాయి కాబట్టి, ఆ రెండింటి తేడాను బట్టి పచ్చదనానికి ఒక అంకె కడతారు. ఆ లెక్క ఇది:

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

చిక్కేమిటంటే రోజూ నీళ్లు పెట్టే పచ్చిక కూడా ఈ లెక్కలో చెట్ల తోపుకు దగ్గరగా వస్తుంది. ఉపగ్రహానికి రెండూ ఆకుపచ్చే, పిట్టలకు కాదు. గోరింకలు, తీతువు పిట్టలు, కూకుడు గువ్వలు నేల మీద పురుగులు ఏరుకునేందుకు పచ్చికకు వస్తాయి. కంసాలి పిట్టకు గూడు తొలుచుకోవడానికి ఎండుకొమ్మ కావాలి. జెముడు కాకికి దూరి తిరిగేందుకు దట్టమైన పొద కావాలి. అన్నిటినీ కలిపి ‘పచ్చదనం’ అనే ఒకే అంకెలో కుక్కితే ఈ తేడాలన్నీ మాయమవుతాయి. పైగా ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల చదరానికి సమానం. రెండెకరాల పార్కుకు ఎనభై చుక్కలే వస్తాయి, వాటిలో అంచున ఉన్నవి సగం పార్కు, సగం రోడ్డు.

చిన్న పార్కులకు ఇంకో పాత పద్ధతి బాగా పనికొస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పార్కు హద్దు గీసుకుని, లోపల యాదృచ్ఛికంగా 100 బిందువులు పెట్టాలి. ఒక్కో బిందువు దేని మీద పడిందో చూసి రాయాలి: చెట్టు, పొద, పచ్చిక, మట్టి, కట్టడం లేదా కాలిబాట. నలభై బిందువులు చెట్ల మీద పడితే చెట్ల గుబురు 40 శాతం. ఇలా వచ్చిన అంకెలో ఇటూ అటూ పది శాతం దాకా పొరపాటుకు చోటుంటుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు, అంటే 400 బిందువులు కావాలి. మన మెట్లు ఇరవై శాతానికి ఒకటి కాబట్టి 400 పెట్టుకోవడమే మేలు. ఒక పార్కుకు రెండు మూడు గంటల ఓపిక చాలు. చిత్రం తారీఖు కూడా చూసుకోవాలి. ఆకు రాల్చే చెట్లున్న పార్కు మార్చిలో తీసిన చిత్రంలో ఉన్నదానికంటే బోడిగా కనిపిస్తుంది. పన్నెండింటికీ వానలు వెనకబడ్డాక, నవంబరు–డిసెంబరులో తీసిన చిత్రాలే తీసుకోవాలి.

ఒక వలయం, పది నిమిషాలు

లెక్క పెట్టడానికి ‘పాయింట్ కౌంట్’ అనే పద్ధతి ఉంది. ఒకచోట కదలకుండా నిలబడి, చుట్టూ నిర్ణీత దూరంలో, నిర్ణీత సమయంలో కనిపించిన, వినిపించిన ప్రతి పిట్టనూ రాసుకోవడమే ఆ పద్ధతి. మన పార్కులకు 30 మీటర్ల వలయం సరిపోతుంది. ప్రతి పార్కులోనూ ఒకే వలయం. పార్కు పెద్దదైనా చిన్నదైనా మనం వెతికే నేల ఒకటే ఉంటుంది, సుమారు 0.7 ఎకరం. అది ఎక్కడ ఉండాలో మనం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే మన కాళ్లు తెలియకుండానే మర్రిచెట్టు వైపు వెళతాయి. అంచు నుంచి 30 మీటర్లు లోపల ఉన్న భాగంలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఒక చోటు తేల్చుకుని, ఆరుసార్లూ అక్కడే నిలబడాలి. బిందువులతో చేసిన కొలతను ఈ వలయం లోపల కూడా విడిగా చేసుకోవాలి. పార్కు మొత్తంలో సగం చెట్లున్నా మన వలయం పచ్చికలో పడి ఉండొచ్చు.

ఒక్కో పార్కుకు ఆరుసార్లు వెళ్లాలి. ఉదయానికి మూడు పార్కుల చొప్పున మొత్తం 24 ఉదయాలు పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో ఆరున్నర, ఏడు మధ్య తెల్లవారుతుంది. మొదటి లెక్క 6.50కి, రెండోది 7.35కి, మూడోది 8.20కి పెట్టుకోవచ్చు. పొద్దెక్కేకొద్దీ పిట్టల సందడి తగ్గుతుంది, మనుషుల సందడి పెరుగుతుంది. అందువల్ల ప్రతి పార్కుకూ ఈ మూడు వేళలూ రెండేసి సార్లు దక్కేలా పట్టిక ముందే వేసుకోవాలి. దగ్గరగా ఉందని ఒక పార్కుకు ఎప్పుడూ పొద్దున్నే వెళ్లి, దూరంగా ఉన్నదానికి ఎప్పుడూ ఆలస్యంగా వెళితే, ఇంటి నుంచి ఉన్న దూరం పిట్టల లెక్కలోకి చొరబడుతుంది. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ అన్ని పార్కులకూ సమానంగా వెళ్లాలి. ఒకరి చెవి ఇంకొకరి చెవికంటే చురుకైనది కావచ్చు.

ఇదంతా ఒకే ఋతువులో ముగియాలి. చలికాలంలో బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, గ్రీనిష్ వార్బ్లర్ లాంటి చిన్న వలస పిట్టలు మన పార్కుల్లో ఉంటాయి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. కోకిల ఏడాదంతా ఇక్కడే ఉన్నా చలికాలంలో పెద్దగా కూయదు. కొన్ని పార్కులు జనవరిలో, కొన్ని ఏప్రిల్‌లో చూస్తే తేడా పార్కులది కాకుండా నెలలది అవుతుంది. సంక్రాంతి నాలుగు రోజులూ ఆపేయాలి. ఆకాశం నిండా గాలిపటాలు, మైదానాల నిండా పిల్లలు ఉన్న ఆ రోజులు మామూలు రోజుల్లా ఉండవు.

వలయం దగ్గరికి చేరాక రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి. మన రాకకు బెదిరిన పిట్టలు సర్దుకుంటాయి. తర్వాత పది నిమిషాల లెక్క. నెత్తిమీదుగా ఎగిరిపోయే గద్దలు, కొంగలు, కాకులను వేరే గడిలో రాయాలి, అవి ఆ పార్కును వాడుకుంటున్నవి కావు. పేరు తెలియని పిట్టను ఊహించి రాయకూడదు, ‘తెలియని చిన్న పిట్ట’ అనే రాయాలి. పని మొదలుపెట్టే ముందు పిట్టల గొంతులు నేర్చుకోవడానికి డెక్కన్ బర్డర్స్ లాంటి సంఘం వాళ్లతో కలిసి తిరగడం మంచి మార్గం. ఈబర్డ్‌లో ఆ ప్రాంతపు జాబితాలు చూస్తే ఏయే పిట్టలు ఎదురుకావచ్చో తెలుస్తుంది. కానీ ఆ జాబితాలనే తెచ్చి ఈ అధ్యయనంలో కలపకూడదు. ఒక్కొక్కరూ ఒక్కో వేళ, ఒక్కో సేపు తిరిగి రాసినవి అవి.

కనిపించని పిట్టల సంగతి

ఈ తరహా అధ్యయనాల్లో ఎక్కువమంది గమనించని చిక్కు ఒకటుంది. మనం రాసుకునేది పార్కులో ఉన్న పిట్టల సంఖ్య కాదు, మన కంటికీ చెవికీ దొరికిన పిట్టల సంఖ్య. పచ్చిక బయలులో ప్రతి గోరింకా కనిపిస్తుంది. దట్టమైన వేప, కానుగ చెట్ల మధ్య ఆకుల వెనక ఉన్న పిట్ట అరవకపోతే అది ఉన్నట్టే తెలియదు. అంటే చెట్లు పెరిగేకొద్దీ మన కన్ను బలహీనపడుతుంది. మనం ఏ సంబంధాన్ని కొలవాలనుకుంటున్నామో దాన్నే ఈ లోపం తారుమారు చేస్తుంది. రోడ్డు పక్క పార్కుల్లో హారన్ల మోత కూడా ఇలాగే పిట్టల గొంతును మింగేస్తుంది.

దీనికి తేలికైన విరుగుడు పది నిమిషాలను రెండు సగాలు చేయడం. మొదటి ఐదు నిమిషాల్లో దొరికినవి ఒక గడిలో, తర్వాతి ఐదు నిమిషాల్లో కొత్తగా దొరికినవి ఇంకో గడిలో రాయాలి. ఒక ఉదాహరణ లెక్క చేద్దాం. బయలుగా ఉన్న ఒక పార్కులో ఆరుసార్ల లెక్కలూ కలిపితే మొదటి సగాల్లో 90 పిట్టలు, రెండో సగాల్లో కొత్తవి 10 వచ్చాయనుకుందాం. మొత్తం 100. గుబురుగా ఉన్న మరో పార్కులో మొదటి సగాల్లో 60, రెండో సగాల్లో కొత్తవి 30. మొత్తం 90. పైపైన చూస్తే బయలు పార్కుదే పైచేయి.

రెండో గడిని జాగ్రత్తగా చూడండి. బయలు పార్కులో రెండో సగానికి కొత్తవి దాదాపు మిగల్లేదు, ఉన్నవన్నీ దొరికిపోయాయి. గుబురు పార్కులో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి, ఇంకాసేపు నిలబడితే ఇంకొన్ని దొరికేవి. మొదటి సగపు అంకెను వర్గం చేసి, రెండు సగాల తేడాతో భాగిస్తే అసలు సంఖ్యకు ఒక అంచనా వస్తుంది:

```
90 × 90 / (90 − 10) ≈ 101
60 × 60 / (60 − 30) = 120
```

వరస తిరగబడింది. ఎక్కువ పిట్టలున్నది గుబురు పార్కులోనే, మనకు దొరకనివి అక్కడ చాలా ఉన్నాయి. ఈ లెక్క రెండు షరతుల మీద నిలబడుతుంది. పది నిమిషాల్లో వలయంలోకి బయటి పిట్టలు రాకూడదు, పిట్ట దొరికే అవకాశం రెండు సగాల్లోనూ ఒకటే ఉండాలి. అందుకే కళ్లముందు ఎగిరొచ్చి వాలిన పిట్టకు పక్కనే గుర్తు పెట్టుకుని ఈ లెక్క నుంచి తీసేయాలి. ఒక్క ఉదయపు చిన్న అంకెలతో చేస్తే ఫలితం ఊగిపోతుంది కాబట్టి ఆరుసార్లవీ కలిపాకే చేయాలి. రెండు గడుల్లోని అంకెలు దాదాపు సమానంగా వచ్చాయంటే అంచనా కట్టడానికి వీల్లేదని అర్థం. ఆ పార్కులో పది నిమిషాలు చాలడం లేదు. అసలు పని మొదలుకాక ముందే బాగా దట్టమైన పార్కు ఒకదానిలో రెండు ఉదయాలు ప్రయత్నించి చూస్తే ఈ సంగతి బయటపడుతుంది.

వైవిధ్యానికి అంకె

జాతులెన్ని అనేది ఒక కొలత. కానీ అదొక్కటే చాలదు. రెండు పార్కుల్లోనూ పదేసి జాతులు, వందేసి పిట్టలు ఉన్నాయనుకుందాం. మొదటిదానిలో జనం రోజూ గింజలు చల్లుతారు, వందలో 91 పావురాలే, మిగతా తొమ్మిది జాతులూ ఒక్కొక్కటి. రెండోదానిలో ప్రతి జాతీ పదేసి. ఈ రెండూ ఒకటే అనలేం. తేడా చూపడానికి సింప్సన్ సూచిక పనికొస్తుంది. కళ్లు మూసుకుని రెండు పిట్టలను ఎంచితే రెండూ ఒకే జాతివి అయ్యే అవకాశం ఎంత అన్నదే దాని వెనక ఉన్న ఆలోచన. మొదటి పార్కులో అది 0.83, రెండోదానిలో 0.1. ఒకటిని ఈ అంకెలతో భాగిస్తే మొదటిదానికి 1.2, రెండోదానికి 10 వస్తాయి. పది జాతులున్నా మొదటి పార్కు నిజానికి ఒక్క పావురాల పార్కుకు దగ్గరగా ఉందని ఆ 1.2 చెబుతుంది. జాతుల సంఖ్యనూ ఈ అంకెనూ రెండింటినీ పట్టికలో చూపాలి.

చివరికి 72 లెక్కలు చేతిలో ఉంటాయి. వాటిని 72 వేర్వేరు సాక్ష్యాలుగా చూపాలనే ఆశ పుడుతుంది. అది పెద్ద తప్పు. ఒకే పార్కుకు ఆరుసార్లు వెళ్లినంత మాత్రాన ఆరు పార్కులు కావు. ఒక్కో పార్కుకు ఒక్క అంకె, మొత్తం పన్నెండు అంకెలు. చెట్ల శాతాన్ని బట్టి ఒక వరస, వైవిధ్యాన్ని బట్టి ఒక వరస వేసి, అవి ఎంతగా కలుస్తున్నాయో స్పియర్‌మన్ సహసంబంధంతో చూడాలి. అది −1 నుంచి +1 దాకా ఉంటుంది. పన్నెండు పార్కులకు 0.59 దాటితే, ఊరికే అలా జరిగే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ. తర్వాత కాగితం మీద పన్నెండు చుక్కలు పెట్టి గీత ఆకారం చూడాలి. చెట్లు 50 శాతం దాకా పెరిగేకొద్దీ పిట్టలు పెరిగి, ఆపైన పచ్చిక పిట్టలు తగ్గి, గీత చదునయ్యే వీలుంది. ఆ ఆకారం ఒక్క సహసంబంధపు అంకెలో కనిపించదు.

ఏ కొలతను ప్రధానంగా చూడబోతున్నామో, ఏ ఫలితం వస్తే మన ఊహ తప్పినట్టో మొదటి ఉదయానికి ముందే తారీఖుతో సహా రాసిపెట్టుకోవాలి. చెట్ల శాతం, పొదల శాతం, చుట్టుపక్కల పచ్చదనం, జాతులు, సింప్సన్ అంకె అన్నిటినీ ఒకదానితో ఒకటి జతచేసి చూస్తూ పోతే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానే 0.59 దాటుతుంది. ముందు రాసుకున్న ప్రశ్నకు వచ్చిన జవాబును జవాబుగా, తర్వాత తట్టినదాన్ని కొత్త ప్రశ్నగా చూపితే చదివేవాళ్లు మోసపోరు.

ఇంత జాగ్రత్తగా చేసినా ఈ అధ్యయనం చెప్పగలిగేది ఒక హద్దులోనే ఉంటుంది. చెట్లు నాటితే పిట్టలు వస్తాయని ఇది రుజువు చేయదు. దానికి నాటక ముందూ, నాటిన కొన్నేళ్లకూ అదే పార్కులో లెక్కపెట్టాలి. ఇతర ఊళ్ల గురించి, ఎండాకాలం గురించి ఇది ఏమీ చెప్పదు. నివేదిక చివర రాయగలిగిన వాక్యం ఇలా ఉంటుంది: ‘రెండు నుంచి ఐదెకరాల హైదరాబాద్ కాలనీ పార్కుల్లో, ఒక చలికాలంలో, చెట్ల గుబురు ఎక్కువున్న చోట పిట్టల జాతులు ఎక్కువ కనిపించాయి, పచ్చిక శాతంతో అలాంటి సంబంధం కనిపించలేదు.’ ఫలితం మరోలా వస్తే వాక్యమూ మారుతుంది. ఏదైనా సరే, కాలనీ సంఘం ఉన్న పచ్చిక మీద నీళ్లు పోయడానికి ఖర్చు పెట్టాలా, ఎండుకొమ్మలను కొట్టేయకుండా ఉంచి పొదలు పెంచాలా అని తేల్చుకునే రోజున, రెండు ఆదివారాల జాబితాల కంటే పన్నెండు చుక్కలున్న ఆ కాగితాన్ని నమ్మొచ్చు.